యాప్‌లో క్యాన్సిల్ కాని ఆటో డెబిట్‌ను బ్యాంకులో ఆపించడం

ప్రశ్న: "ఒక యాప్ సబ్‌స్క్రిప్షన్ క్యాన్సిల్ అవ్వట్లేదు. బటన్ నొక్కినా ఏమీ కావట్లేదు, నెలనెలా అకౌంట్‌లో డబ్బు కట్ అవుతూనే ఉంది. బ్యాంకులో ఆపించవచ్చా?"

నిక్షేపంగా ఆపించవచ్చు. అకౌంట్ మీది, అనుమతి ఇచ్చింది మీరు. దాన్ని వెనక్కి తీసుకోవడానికి కంపెనీ దయ అక్కర్లేదు. "వాళ్లనే అడగండి" అని బ్యాంకులో పంపించేయాలని చూస్తారు. మీరు మాత్రం కదలకండి.

మా అబ్బాయి ఆన్‌లైన్ కోచింగ్ మానేశాక మాకూ ఇదే జరిగింది. క్యాన్సిల్ నొక్కితే తిరిగి లాగిన్ పేజీకే తీసుకెళ్లేది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "మా టీమ్ కాల్ చేస్తుంది సార్" అనేవాళ్లు. ఐదో తారీఖు రాగానే 2,499 రూపాయలు ఠంచనుగా పోయేవి.

స్టేట్‌మెంట్‌లో ఆ ఎంట్రీ ముందు ACH అని ఉంది, పక్కన మేం ఎన్నడూ వినని పేరు. మధ్యలో డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ కంపెనీ పేరది. కోచింగ్ పేరుతో వెతికితే దొరకదు, తేదీ, మొత్తం చూసి పట్టుకోవాలి. ACH అని ఉంటే అది నాచ్ మ్యాండేట్, అంటే నెలనెలా డబ్బు తీసుకోమని బ్యాంకు ద్వారా మనం ఇచ్చిన అనుమతి. నెట్ బ్యాంకింగ్‌లో మ్యాండేట్ల పేజీ తెరిస్తే ఆ మ్యాండేట్‌ను గుర్తించే UMRN నంబరు కనిపించింది. పరిమితి 10,000 అని ఉంది. అంటే రేపు ఫీజు పెంచినా మమ్మల్ని అడక్కుండానే అంతవరకూ లాక్కోవచ్చన్నమాట. కొన్ని బ్యాంకుల్లో రద్దు కూడా ఆ పేజీలోనే అయిపోతుంది. మా బ్యాంకులో చూడటమే తప్ప రద్దు చేసే వీల్లేదు, అందుకే బ్రాంచికి వెళ్లాను.

"ఇది కంపెనీయే ఆపాలి సార్, మా చేతిలో లేదు" అన్నారు కౌంటర్‌లో మేడమ్. "మ్యాండేట్ మీ బ్యాంకు ఒప్పుకుంటేనే కదండీ నడుస్తోంది, ఒక్కసారి ఈ నంబరు కొట్టి చూడండి" అన్నాను. కొట్టారు, యాక్టివ్ అని వచ్చింది. "సరే, స్టాప్ పేమెంట్ పెడతాను" అన్నారు.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. స్టాప్ పేమెంట్ ఆ ఒక్క వాయిదాకే పెట్టి వదిలేస్తే మ్యాండేట్ బతికే ఉంటుంది, పై నెల మళ్లీ కట్ అవుతుంది. "ఈ నెలకి మాత్రమే కాదండీ, మ్యాండేటే రద్దు కావాలి" అని గట్టిగా చెప్పాను. అకౌంట్ నంబరు, UMRN వేసి, "ఈ మ్యాండేట్‌ను రద్దు చేయండి, ఇకపై దీని మీద వచ్చే ఏ డెబిట్‌నూ పాస్ చేయవద్దు" అని ఉత్తరం రాసిచ్చి, రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకున్నాను. తర్వాత నెట్ బ్యాంకింగ్‌లో క్యాన్సిల్డ్ అని మారింది. ఐదో తారీఖున డబ్బు కదల్లేదు.

ఈ పని కట్ అయ్యే తేదీకి వారం ముందే పెట్టుకోండి. ముందురోజు సాయంత్రం వెళ్తే ఆ నెలది పోయే అవకాశమే ఎక్కువ.

అకౌంట్ ఖాళీగా ఉంచమని సలహా ఇచ్చేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. డబ్బు లేక డెబిట్ వెనక్కి పోతే చాలా బ్యాంకులు రిటర్న్ చార్జీ వేస్తాయి. 250 రూపాయల చార్జీ అయితే 18 శాతం జీఎస్టీతో 295 అవుతుంది. కంపెనీ మళ్లీ పంపితే మళ్లీ పడుతుంది.

మీది యూపీఐ ఆటోపే అయితే ఇంత తిరుగుడు ఉండదు. ఏ యాప్‌లో ఒప్పుకున్నారో అందులోనే ఆటోపే విభాగానికి వెళ్లి, రద్దు చేసి, పిన్ కొడితే సరి. కార్డు మీద పెట్టి ఉంటే కార్డు ఇచ్చిన బ్యాంకు సైట్‌లోనో యాప్‌లోనో చూడండి.

చేరేటప్పుడు ఒక్క ఓటీపీ చాలు, బయటపడాలంటే మాత్రం చుక్కలు చూపిస్తారు. దీన్ని సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ అంటూ డార్క్ ప్యాటర్న్స్ మీద, అంటే కస్టమర్లను మభ్యపెట్టే యాప్ డిజైన్ల మీద, కేంద్రం 2023 నవంబర్‌లో తెచ్చిన మార్గదర్శకాల్లోనే తప్పుపట్టారు. కంపెనీ మీద వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టండి. సబ్‌స్క్రిప్షన్ వద్దని కంపెనీకి మెయిల్ కూడా తప్పక పంపండి. మ్యాండేట్ పోయినంత మాత్రాన వాళ్ల లెక్కల్లో మీ ప్లాన్ ఆగదు, తర్వాత బాకీ ఉందని ఫోన్లు చేస్తారు.

లోన్ ఈఎంఐ మీద మాత్రం ఈ దారి వాడకండి. మ్యాండేట్ రద్దయినా అప్పు అలాగే ఉంటుంది, సిబిల్ స్కోరు దెబ్బతింటుంది.

రద్దు చేశాక కూడా డబ్బు పోతే ఆ స్టాంపు కాపీ జత చేసి బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు పెట్టవచ్చు. దానికి ఫీజేమీ లేదు.