ఫ్లూ జ్వరంలో పాలివ్వడం, జలుబు మాత్రతో నాకు ఎదురైన అనుభవం

"నాకు ఫ్లూ, నిన్నటి నుంచి 102 జ్వరం. బాబుకి మూడో నెల. జ్వరం పాలు పట్టొద్దని అత్తయ్య అంటున్నారు. ఆపెయ్యాలా? మెడికల్ షాపులో ఇచ్చిన జలుబు మాత్ర వేసుకోవచ్చా?"

పాలు ఆపకండి. ఫ్లూ పాల ద్వారా రాదు, మన దగ్గు, తుమ్ము, చేతుల నుంచి అంటుకుంటుంది. పాలతో వెళ్లేవి ఆ వైరస్ మీద మన ఒంట్లో తయారైన యాంటీబాడీలు. ఆరు నెలలు నిండేదాకా పిల్లలకి ఫ్లూ టీకా వేయరు కాబట్టి, బాబుకి ఇప్పుడు అవి చాలా అవసరం. అత్తయ్యగారికి ఈ మాట నెమ్మదిగా చెప్పండి.

జలుబు మాత్ర మాత్రం వద్దు. పోయిన వానాకాలం మా పాపకి నాలుగో నెలప్పుడు నాకు ఫ్లూ వచ్చింది. కూకట్‌పల్లిలో ఉంటాం. జ్వరానికి పారాసెటమాల్ 650 వేసుకుంటూ, ముక్కు దిబ్బడకని షాపులో అడిగి తెచ్చుకున్న మాత్ర కూడా మూడు పూటలా మింగాను. రెండో రోజుకి పాప పాలకి లేవడం మానేసి మత్తుగా పడుకుంది. నా పాలూ తగ్గాయి. పొద్దుట్నించి సాయంత్రం దాకా రెండే డైపర్లు తడిశాయి.

డాక్టరమ్మ స్ట్రిప్ తెమ్మని, వెనక సన్నటి అక్షరాలు నాతోనే చదివించారు. పారాసెటమాల్ 500, ముక్కు దిబ్బడకి ఫినైలెఫ్రిన్, అలర్జీకి వాడే క్లోర్‌ఫెనిరమిన్. అంటే పూటకి 1150 మిల్లీగ్రాముల పారాసెటమాల్ పడుతోంది. రోజుకి 4000 దాటకూడదు, నాలుగో పూట వేసుకుని ఉంటే దాటేసేదాన్ని. క్లోర్‌ఫెనిరమిన్ పాలలోకి కొంత వెళ్లి పిల్లల్ని మత్తుగా చేయొచ్చు. ముక్కు దిబ్బడ మందుల్లో సూడోఎఫెడ్రిన్ అయితే పాలనే తగ్గిస్తుంది. ఆ మాత్ర ఆపి, రెండు గంటలకోసారి పాపని లేపి పట్టాను. మూడు రోజుల్లో పాలు మళ్లీ మామూలుగా వచ్చాయి.

నాకు మిగిలినవి ఆరు గంటల ఎడంతో పారాసెటమాల్, ముక్కులో ఉప్పునీటి చుక్కలు, ఐదు రోజులు ఫ్లూ వైరస్ మీద పనిచేసే ఒసెల్టామివిర్. ఈ చివరిది పాలిచ్చేవాళ్లు వాడొచ్చు, కానీ డాక్టర్ రాస్తేనే. 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. మీకు నిన్ననే మొదలైంది కాబట్టి ఇవాళే వెళ్లండి. ఆస్పిరిన్, కోడీన్ ఉన్న దగ్గు మందు వేసుకోకండి.

బాబుని ఎత్తుకునే ముందే మాస్క్ పెట్టుకుని, సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోండి. పాలు పట్టాక అత్తయ్యగారికి ఇచ్చేయండి. లేవలేనప్పుడు పాలు పిండి ఇస్తే, మరిగించిన ఉగ్గుగిన్నెతో ఆవిడే పడతారు.

బాబుకి 100.4 జ్వరం వచ్చినా, పాలు తాగకపోయినా, డొక్కలు ఎగరేసినా ఇంట్లో మందు వేయకుండా అర్ధరాత్రైనా ఆస్పత్రికి తీసుకెళ్లండి. నిద్రలో పొట్ట కదలికని ఒక నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. రెండు నెలలు దాటిన బిడ్డకి 50 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే అది వేగంగా ఊపిరి తీస్తున్నట్టే, అప్పుడూ ఆగకండి.