చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఉండటం వేరు, ఆరుతూ వెలగడం వేరు

ప్రశ్న: "నా పెట్రోల్ కారులో చెక్ ఇంజిన్ లైటు చాన్నాళ్లుగా వెలుగుతూనే ఉంది, బండి బాగానే నడుస్తోంది. నిన్న ఫ్లైఓవర్ ఎక్కుతుంటే అదే లైటు ఆరుతూ వెలుగుతూ కనిపించింది, దిగాక మళ్లీ మామూలుగా నిలిచింది. తేడా ఏంటి? ఇంటికి ఇంకా 40 కిలోమీటర్లు ఉన్నప్పుడు ఇలా అయితే నడపొచ్చా?"

ఆరుతూ వెలుగుతూనే ఉంటే నడపొద్దండి. నిలకడగా ఉంటే, బండిలో ఇంకే తేడా లేకపోతే, ఇంటికి వెళ్లి ఆ వారంలో చూపించుకోవచ్చు.

నిలకడగా వెలిగితే కంప్యూటర్ ఒక లోపాన్ని రాసిపెట్టుకుందని అర్థం. ఆక్సిజన్ సెన్సర్ పాతబడి ఉండొచ్చు, ఎక్కడో వైరు వదులై ఉండొచ్చు. ఎక్కువ భాగం ఇవాళే కొంప ముంచేవి కావు.

ఆరుతూ వెలిగితే మాత్రం సాధారణంగా ఒకటే కారణం: మెకానిక్కులు మిస్సింగ్ అంటారు చూడండి, అది బాగా ఎక్కువైంది. ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోల్ పడుతోంది కానీ మండటం లేదు. క్రాంక్ తిరిగే వేగం ఎక్కడెక్కడ తగ్గుతోందో సెన్సర్‌తో చూసి కంప్యూటర్ దీన్ని పట్టేస్తుంది. సైలెన్సర్ లైన్లో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడయ్యేంత మిస్సింగ్ ఉందా అనేది అది సుమారు 200 చుట్లకోసారి లెక్క చూస్తుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర ఆ 200 చుట్లు నాలుగు సెకన్లే. హద్దు దాటితే లైటు కొట్టుకోవడం మొదలవుతుంది.

మండని పెట్రోల్, వాడని గాలి కలిసి నేరుగా ఆ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతాయి. లోపల తేనెపట్టులాంటి సిరామిక్ దిమ్మ ఉంటుంది, దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. 3000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో సిలిండర్‌కి సెకనుకు 25 సార్లు నిప్పు పడాలి. అందులో చాలా మటుకు తప్పిపోతే ఎంత పెట్రోల్ వెనక్కి పోతుందో చూసుకోండి. ఆ వేడికి దిమ్మ కరిగి దారి మూసుకుపోతే, ఇక యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండికి ఊపు రాదు. స్పార్క్ ప్లగ్‌కి కరెంటు ఇచ్చే కాయిల్‌తో పోయే ఖర్చు కాస్తా కన్వర్టర్ దాకా వస్తుంది. కాయిల్ వేలల్లో ఉంటే ఇది పదుల వేలల్లో ఉంటుంది.

నాకు సూర్యాపేట దాటాక వానలో ఇదే అయింది. ఏసీ వేసి లారీని దాటుతుంటే బండి దడదడలాడింది, లైటు కొట్టుకోవడం మొదలైంది, వెనక నుంచి పచ్చి పెట్రోల్ వాసన. పక్కకు తీసి ఆపి ఫోన్‌కి బ్లూటూత్ స్కానర్ కలిపితే P0303 అనే కోడ్ వచ్చింది, అంటే మూడో సిలిండర్‌లో మిస్సింగ్. మెకానిక్ ఏమీ కొనిపించకుండా మూడో కాయిల్‌ని రెండులో, రెండోది మూడులో పెట్టి, కోడ్ చెరిపి, చిన్న ఎత్తు ఎక్కించి చూశాడు. ఈసారి P0302 వచ్చింది. తప్పు కాయిల్‌తో పాటే జరిగింది కాబట్టి ప్లగ్, ఇంజెక్టర్ రెండూ కాదని తేలిపోయింది. కాయిల్ కింది రబ్బరు గొట్టాన్ని వెలుతురులో తిప్పి చూపించాడు: నిలువునా వెంట్రుకంత సన్నటి నల్ల చార. కరెంటు స్పార్క్ ప్లగ్‌కి చేరకుండా ఆ చార వెంట పక్కకు పారిపోతోంది.

మీకు ఫ్లైఓవర్ మీదే కనిపించడానికి కారణం కూడా ఇలాంటిదే అయి ఉండొచ్చు. ఎత్తు ఎక్కేటప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి ఎక్కువ, స్పార్క్ దూకడానికి ఎక్కువ ఓల్టేజీ కావాలి, అప్పుడే బలహీనమైన కాయిల్ బయటపడుతుంది. ఐడిల్‌లో అంతా శుభ్రంగా ఉన్నట్టే ఉంటుంది. అందుకే షెడ్డులో స్టార్ట్ చేసి "ఏం లేదు సార్" అనేస్తుంటారు. దిగాక లైటు నిలిచిందంటే మిస్సింగ్ ఆ హద్దు కిందికి వచ్చిందంతే, బాగుపడినట్టు కాదు.

దారిలో కనిపిస్తే ముందు కాలు తేలిక చేయండి, ఏసీ ఆపండి, వేగం తగ్గించండి. లైటు నిలకడకు వచ్చి, దడ తగ్గితే నెమ్మదిగా దగ్గర్లోని షెడ్డు దాకా వెళ్లొచ్చు. తగ్గకపోతే సురక్షితమైన చోట ఆపి ఇంజిన్ కట్టేసి టోయింగ్ బండిని పిలవండి. ఎండుగడ్డి, వరిగడ్డి పరిచిన చోట మాత్రం ఆపకండి, కింద కన్వర్టర్ కాలిపోతూ ఉంటుంది. ఎర్రగా ఆయిల్ లైటో టెంపరేచర్ లైటో తోడైతే ఇక షెడ్డు మాట వదిలేసి అక్కడికక్కడే ఆపాలి.

మీ బండిలో పాత కోడ్ ఒకటి ఎలాగూ ఉంది. బ్యాటరీ వైరు పీకి లైటు ఆర్పే పని ఎవరు చేస్తానన్నా ఒప్పుకోకండి, రాసిపెట్టిన కోడ్‌లు పోతాయి. ముందు స్కాన్ చేయించి, P0300 నుంచి P0304 మధ్య ఏదైనా ఉందేమో చూసి కాగితం మీద రాయించుకోండి. P0300 ఒక్కటే వస్తే మిస్సింగ్ ఒక్క సిలిండర్‌కి పరిమితం కాదని అర్థం, అప్పుడు కాయిల్ మార్చి చూడటం కంటే పెట్రోల్ ప్రెషర్, గాలి లీకులు ముందు చూడమనండి.