సంతకం పెట్టే ముందు ఒక్క మాట

చిరంజీవి శ్రావణికి, పెదనాన్న ఆశీస్సులు.

బ్యాంకు వకీలు అభ్యంతరం చెప్పడంతో మంజూరైనా చేతికి రాని ఇంటి రుణానికి కట్టించుకున్న ప్రాసెసింగ్ రుసుమును వెనక్కి అడగబోతున్నావని మీ నాన్న చెప్పాడు. అడగాల్సిందే. ముప్ఫై లక్షలకు అర శాతం 15,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 2,700. మొత్తం 17,700 రూపాయలు. నోరు మూసుకుని వదిలేసే డబ్బు కాదు. అయితే "ఫైలు మూసేయడానికి ఒక చిన్న ఉత్తరం" ఇమ్మన్నారట కదా, ఆ మాట వినగానే నాకు నిద్ర పట్టలేదు. "వ్యక్తిగత కారణాల వల్ల రుణం వద్దనుకుంటున్నాను" అని రాసి ఉంటే దాని మీద సంతకం పెట్టకు.

మీ నాన్న పెట్టాడు. అప్పుడు నువ్వు ఇంకా బడికి కూడా వెళ్లడం లేదు. స్థలానికి లింకు పత్రం ఒకటి లేదని బ్యాంకు వకీలే కొర్రీ వేశాడు, డబ్బు ఆపింది బ్యాంకే. మేనేజరు మర్యాదగా కూర్చోబెట్టి టైపు చేసిన కాగితం ముందు పెడితే, మొహమాటస్థుడు, చదవకుండానే సంతకం చేశాడు. అన్నను, రుణాల విభాగంలోనే పని చేస్తున్నవాణ్ని, నాకు ఒక్క ఫోను చేయలేదు! తర్వాత రుసుము అడిగితే ఆ కాగితమే చూపించి "వద్దన్నది మీరే కదండీ" అన్నారు. ఇక ఏం మాట్లాడతాడు?

నీ మంజూరు పత్రంలోనూ రుసుము తిరిగి ఇవ్వబోమన్న షరతు ఉండే ఉంటుంది. నీ అంతట నువ్వు తప్పుకుంటే దానికి ఎదురు చెప్పడం కష్టం. బ్యాంకే ఆపితే వాదనకు చోటుంది. చోటుందన్నానే గాని గెలుపు ఖాయమనలేదు. వకీలు పత్రాలు చూశాడు, ఇంజినీరు విలువ కట్టాడు, ఆ ఖర్చు మినహాయిస్తామని వాళ్లు అనవచ్చు. అప్పుడు దేనికెంతో విడివిడిగా లెక్క అడుగు. రుణం ఇచ్చే ముందు వడ్డీ, రుసుములన్నీ ఒకచోట చూపే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలన్న నిబంధన 2024 అక్టోబరు 1 నుంచి ఉంది. నీకిచ్చిన దానిలో ఈ రుసుము ఉందో లేదో చూడు. లేకపోతే నీ స్పష్టమైన సమ్మతి లేకుండా వేయకూడదు.

ఉత్తరం నువ్వే రాయి: "ఫలానా తేదీన మీ వకీలు లేవనెత్తిన అభ్యంతరం వల్ల మీరు రుణం విడుదల చేయలేదు. నేను విరమించుకోలేదు. రుసుము, జీఎస్టీ తిరిగి ఇవ్వండి." అభ్యంతరం నోటిమాటగా చెప్పి ఉంటే ముందు దాన్ని రాతపూర్వకంగా తెప్పించుకో, నీ వాదనంతా దాని మీదే నిలబడుతుంది. శాఖలో ఇచ్చి నీ ప్రతి మీద ముద్ర వేయించుకో. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, జాప్యం చేయకుండా cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చెయ్యి. పైసా ఖర్చు లేదు.

ఈ గొడవలో అసలు పత్రాలు, ముందుగా ఇచ్చిన చెక్కులు అడగడం మరచిపోయేవు తల్లీ. వాయిదాల కోసం ఖాతా మీద ఇచ్చిన ఆటో డెబిట్ అనుమతి కూడా రద్దు చేయించు.

ఉత్తరం రాశాక, శాఖకు వెళ్లే ముందు ఫోటో తీసి నాకు పంపు. ఒకసారి చదివి చెబుతాను.

పెదనాన్న