చేతికొచ్చిన ప్రమోషనా, పక్క విభాగమా?

ప్రశ్న: మా అబ్బాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి, పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో నాణ్యత పరీక్షలు చేసే క్యూసీ విభాగంలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాడు. సెక్షన్ ఇన్‌ఛార్జ్‌గా ప్రమోషన్ ఇస్తామంటున్నారు, నెలకు ఏడు వేలు పెరుగుతుంది. వాడేమో ఇదే హోదాలో, ఇదే జీతానికి, మందులకు ప్రభుత్వ అనుమతుల పని చూసే రెగ్యులేటరీ అఫైర్స్‌కు వెళ్తానంటున్నాడు. సంబంధాలు చూస్తున్నాం. వాడికి ఎలా నచ్చజెప్పాలి?
– ఒక తండ్రి, సంగారెడ్డి

జవాబు: ముందు నచ్చజెప్పే ఆలోచన మానుకోండి. పెళ్లిచూపుల్లో చెప్పుకోవడానికి ఒక హోదా కావాలన్న ఆరాటంతో అబ్బాయి వచ్చే పదేళ్ల పనిని నిర్ణయించడం మీకు తగదు. ప్రమోషన్ చేజారితే మళ్లీ రాదన్న భయం కూడా అంతగా అక్కర్లేదు. మందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద ఆరేళ్లు పనిచేసిన వారికి పాశమైలారంలోనే కాదు, జీడిమెట్లలో, పరవాడలో, పైడిభీమవరంలో కూడా క్యూసీ అవకాశాలు వస్తూనే ఉంటాయి.

సెక్షన్ ఇన్‌ఛార్జ్ అంటే షిఫ్టులు వేయడం, పెండింగ్ శాంపిళ్లు లెక్కచూడడం, ఇతరుల రికార్డులు సరిచూడడం మాత్రమే అయితే, అది పాత పనికే కొత్త పేరు. పరీక్షాఫలితం పరిమితి దాటినప్పుడు జరిగే దర్యాప్తును తానే నడిపి, తనిఖీ అధికారుల ప్రశ్నలకు తానే జవాబు చెప్పే అవకాశం ఉంటే మాత్రం ఆ ప్రమోషన్‌కు నిజమైన విలువ ఉంది.

రెగ్యులేటరీ సంగతి వేరు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక మలినానికి ఆ పరిమితే ఎందుకు పెట్టారని, దరఖాస్తులో లోపాలను ఎత్తిచూపే డెఫిషియెన్సీ లెటర్‌లో అడిగితే, జవాబుకు ఆధారం మందు నిల్వలో ఎలా నిలుస్తుందో చూపే స్టెబిలిటీ డేటాలో, పరీక్షా పద్ధతి వ్యాలిడేషన్‌లో ఉంటుంది. ఆ పరీక్షలు స్వయంగా చేసినవాడికి ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు కాబట్టి, అతని ఆరేళ్ల అనుభవానికి క్యూసీలో కంటే అక్కడే ఎక్కువ విలువ దక్కుతుంది.

అయితే ఈ విభాగం మీద ఇప్పుడున్న మోజు చూస్తే నాకే అనుమానం కలుగుతుంది. డిప్లొమాలు అమ్మే సంస్థలు చెప్పనిదేమిటంటే, ఆ పేరుతో ఉన్న ఉద్యోగాల్లో కొన్ని పబ్లిషింగ్ ఉద్యోగాలే. ఎవరో రాసిన పత్రాలను పీడీఎఫ్‌లుగా మార్చి, బుక్‌మార్కులు, లింకులు పెట్టి, అనుమతి దరఖాస్తుకు ఎలక్ట్రానిక్ రూపమైన ఈసీటీడీగా కూర్చి పంపడమే అక్కడి పని. అదీ నైపుణ్యమే, కానీ దానికి మీ అబ్బాయి కెమిస్ట్రీతో పనిలేదు. రెండేళ్లు అందులోనే ఉండిపోతే ల్యాబ్ అలవాటు తప్పుతుంది, ఆ దరఖాస్తుకు పెట్టే డోసియర్ రాయడమూ రాదు.

అందుకే కొత్త మేనేజర్‌ను అతను సూటిగా అడగాలి: మొదటి ఆరు నెలల్లో ఏ మందుకు సంబంధించి దరఖాస్తు నమూనా అయిన సీటీడీలో, మందు నాణ్యతను వివరించే మూడో మాడ్యూల్‌లో ఏ భాగం నేను రాస్తాను, దాన్ని ఎవరు దిద్దుతారు? క్యూసీ సర్వీసును తర్వాతి ప్రమోషన్‌కు లెక్కిస్తారా, మధ్యలో మారితే ఈ ఏడాది రేటింగ్ ఎవరు ఇస్తారు అన్నవి హెచ్‌ఆర్ నుంచి మెయిల్‌లో రాయించుకోవాలి.

రెండేళ్లకు వదులుకునేది 1,68,000 రూపాయలు. ఇంటి అప్పు కిస్తీలు ఆ డబ్బు మీదే ఆధారపడి ఉంటే అది చిన్న మొత్తం కాదు, ఆ మాట అబ్బాయికి దాచకుండా చెప్పండి. అలాంటి ఇబ్బంది లేకపోతే, ఒక్క మందుకైనా మూడో మాడ్యూల్ రాయిస్తామని మేనేజర్ చెప్పిన పక్షంలో పంపించండి. ‘ముందు పబ్లిషింగ్‌లో చేరండి, తర్వాత చూద్దాం’ అంటే, ప్రమోషన్ తీసుకోమని నేనే అతనికి చెబుతాను.