అనుభవ యంత్రం: నా జవాబు ఎందుకు తప్పు?

“యంత్రంలోకి వెళ్తే మావాళ్లు గుర్తొచ్చి బాధపడతాను, అందుకే వెళ్లనని రాశాను. ఇది సుఖవాదానికి ఆక్షేపణ కాదని సార్ కొట్టేశారు. ఎందుకు?”

అనుభవ యంత్రం ఒక ఊహా ప్రయోగం: కోరుకున్న అనుభవాలన్నీ నిజమనిపించేలా ఇచ్చే యంత్రం ఉంటే, బతుకంతా అందులో గడపడానికి వెళ్తారా? మన మేలు అంతా సుఖదుఃఖాల అనుభవంలోనే ఉందనేది సుఖవాదం. మీరు చెప్పిన కారణమూ సుఖవాదమే. “బాధ కలుగుతుంది కాబట్టి వద్దు” అని సుఖవాది కూడా అంటాడు.

1. ఈ ప్రయోగంలో 1974లో తత్వవేత్త రాబర్ట్ నోజిక్ పెట్టిన షరతు ఒకటి చాలామంది వదిలేస్తారు. లోపలికి వెళ్లాక యంత్రంలో ఉన్నామనే తెలియదు. కాబట్టి బెంగ, అనుమానం, బోర్ ఏవీ కారణాలుగా పనికిరావు.

2. ఇప్పుడు ఇద్దరిని పోల్చండి. ఒకామెకు ముప్పై ఏళ్ల స్నేహితురాలు నిజంగానే ఉంది. రెండో ఆమె యంత్రంలో ఉంది; ఆమెకు అదే నవ్వు, అదే గొంతు, అర్ధరాత్రి అదే ఫోన్, కానీ అటువైపు ఎవరూ లేరు. ఇద్దరి సంతోషం రవ్వంత తేడా లేకుండా సమానం. అయినా మొదటి ఆమె బతుకే మెరుగు అనిపిస్తే, ఆ తేడా సుఖం వల్ల వచ్చింది కాదు. అంటే మన మేలులో అనుభవం కాకుండా ఇంకేదో ఉంది. ఆక్షేపణ ఇదే.

3. “నేనైతే వెళ్లను” అన్నదాని మీదే ఆధారపడకండి. 2010లో తత్వవేత్త ఫెలిపె డె బ్రిగార్డ్ ప్రశ్నను తిప్పి అడిగాడు: మీరు ఇప్పటికే యంత్రంలో ఉన్నారు, బయటికొస్తారా? చాలామంది ఉండిపోతామన్నారు. అలవాటైన బతుకును వదలలేకపోవడం కూడా కారణం కావచ్చు (నిజం చెప్పాలంటే నేనూ తడబడ్డాను). రెండో మెట్టులోని పోలికలో వెళ్లడం, రావడం లేవు కాబట్టి జవాబులో అదే రాయండి.

4. ఆ “ఇంకేదో” ఏమిటో ఈ ప్రయోగం తేల్చదు. అది తేలిందని రాస్తే మళ్లీ మార్కులు పోతాయి.