గోడ మీద పగులు: ఫొటో చెప్పేది, చెప్పనిది

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

గుంటూరు ఇంటి వంటగది గోడ ఫొటో చూశాను. మేస్త్రీని పిలిచి సిమెంటు పెట్టించి రంగు వేయించమంటావా అని అడిగావు. ఇప్పుడే వద్దు. ఆ పగులు పూతది కాదు, గోడదే అని నా అనుమానం. ఎందుకో చెబుతాను.

రెండేళ్ల కిందట హైదరాబాదులో మీ ఫ్లాటు హాల్లో, బీము కింద గీత గీసినట్టు అడ్డంగా వచ్చిన పగులు చూపించి భయపడ్డావు. ఆ భవనం బరువంతా పిల్లర్లు, బీములు మోస్తాయి. మధ్యలో ఇటుక గోడ గదులను విడదీయడానికి కట్టినదే. కాంక్రీటు, ఇటుక ఎండకూ చలికీ ఒకే తీరుగా సాగవు, కుంచించుకుపోవు కాబట్టి అవి కలిసేచోట విడిపోతాయి. చికెన్ మెష్ అనే సన్నని ఇనుప తీగల వల వేసి పూత పూస్తే సరిపోయింది. కానీ గుంటూరు ఇంటికి పిల్లర్లు లేవు. తొమ్మిదంగుళాల ఇటుక గోడల మీదే స్లాబు కూర్చుంది. అక్కడ గోడ పగిలిందంటే బరువు మోసేదే పగిలినట్టు. అందుకే పగులును చూసేముందు ఆ గోడ ఏం మోస్తోందో అడగాలి.

ఇక నీ ఫొటో. పగులు కిటికీ మూల నుంచి ఏటవాలుగా, ఇటుకల మధ్య సిమెంటు వెంట మెట్లు మెట్లుగా పోతోంది. పూత మీద వచ్చే సన్నని పగుళ్లు సాలెగూడులా అటూ ఇటూ పాకుతాయి గాని ఇలా ఒక దారి పట్టుకుని పోవు. పైన వెడల్పుగా, కిందికి వచ్చేకొద్దీ సన్నగా ఉంది. గోడ చివర కిందికి దిగినప్పుడు సాధారణంగా ఇలాగే విచ్చుకుంటుంది. ఆ మూలకు దగ్గర్లోనే వేపచెట్టు ఉంది. మనది నల్లరేగడి నేల. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని నెర్రెలు విచ్చుతుంది. ఈ మే నెల ఎండకు తోడు చెట్టు వేర్లు తేమ పీల్చేస్తే పునాది కింది మట్టి కుంచించుకుని కుంగుతుంది.

అయినా ఇదంతా ఊహే. పగులు ఎంత వెడల్పో, గోడ అవతలికి దూసుకుపోయిందో లేదో, ఇంకా కదులుతోందో లేదో ఫొటోలో తెలియదు. పక్కన రూపాయి నాణెం అంచు ఆనించి మళ్లీ ఫొటో తీయించు. దాని మందం దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు. తర్వాత బయటి వైపు అదే ఎత్తులో చూడమని నాన్నకు చెప్పు. అక్కడా ఉంటే గోడ ఆసాంతం పగిలినట్టే. టార్చి వేసి లోపల చూడాలి: పాత రంగు, దుమ్ము కనిపిస్తే పాత పగులు, ఇటుక ఎర్రగా, శుభ్రంగా ఉంటే కొత్తది.

కదలిక కోసం పగులుకు అటొకటి, ఇటొకటి సన్నని మేకులు కొట్టి, వాటి మధ్య దూరాన్ని నెలకోసారి స్కేలుతో కొలిచి గోడ మీదే తేదీతో రాయాలి. పగులు చివర ఎక్కడ ఆగిందో పెన్సిలుతో గీత పెట్టాలి. వానలు పడ్డాక దూరం తగ్గి, వచ్చే వేసవికి మళ్లీ పెరిగితే అది నేల ఉబ్బడం, కుంగడం. తగ్గకుండా పెరుగుతూనే పోతే పునాది దిగిపోతోంది. ఇప్పుడే గట్టి సిమెంటు కూరితే, వానాకాలంలో పగులు మూసుకోవడానికి చోటు లేక గోడ పక్కన ఇంకోచోట పగులుతుంది. అందుకే మేస్త్రీ చివరగా రావాలి.

మొదట ప్లంబరును పిలవండి. ఆ మూలనే స్నానాలగది నీటి గొట్టం ఉంది. అది కారుతుంటే మట్టి ఒకచోట తడిగా, ఒకచోట పొడిగా ఉండి గోడను మరింత ఇబ్బంది పెడుతుంది. తర్వాత నగరపాలక సంస్థ లైసెన్సు ఉన్న స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిచి, కారణం రాసి ఇచ్చే నివేదిక అడగండి. మరమ్మతు కాంట్రాక్టు తీసుకునే మనిషి కాకుండా, చూసినందుకే రుసుము తీసుకునేవారైతే మేలు. ఆయన చెప్పకుండా చెట్టు మాత్రం కొట్టించవద్దు. వేర్లు నీరు పీల్చడం ఆగిపోతే మట్టి ఉబ్బి, కుంగిన మూలనే పైకి ఎత్తుతుంది.

పగులు అయిదు మిల్లీమీటర్లు దాటినా, రోజురోజుకీ పెరుగుతున్నా, పక్క తలుపు బిగుసుకుని పడకపోయినా, గోడ ఉబ్బినట్టు కనిపించినా నెలలు కొలుస్తూ కూర్చోవద్దు. అమ్మానాన్నలను ఆ గదిలో ఉండనివ్వకుండా అదే రోజు ఇంజనీరును రప్పించు. మీ ఫ్లాటులో కూడా ఎప్పుడైనా పిల్లర్ మూల వెంట నిలువు పగులు, తుప్పు మరక కనిపిస్తే అంతే తొందర పడాలి. లోపలి చువ్వలు తుప్పు పట్టి ఉబ్బి కాంక్రీటును నెడుతున్నాయన్నమాట.

నాణెంతో తీసిన ఫొటో, బయటి గోడ ఫొటో, మొత్తం గోడ కనిపించేలా దూరం నుంచి మరొకటి రేపు పంపించు.

మీ పెదనాన్న