అప్రూవ్ చేసింది ఒక ఫైలు, సంతకం పడింది ఇంకో ఫైలు మీద

ప్రశ్న: గుంటూరులో మాకు మిర్చి పొడి మిల్లు ఉంది. హైదరాబాద్ పార్టీ పంపిన సప్లై అగ్రిమెంట్ మూడో డ్రాఫ్టును వాళ్ల పోర్టల్‌లో చదివి అప్రూవ్ నొక్కాను. అందులో లేటుకి పెనాల్టీ వారానికి అర శాతం. రెండు రోజులకి సంతకం అడిగితే మా అకౌంటెంటు దగ్గరున్న డిజిటల్ సంతకం టోకెన్‌తో పెట్టించాను. 18 లక్షల లోడు 3 వారాలు లేటైతే ఇప్పుడు రెండు శాతం లెక్కన లక్షా 8 వేలు కోశారు. సంతకమైన ఫైల్లో రెండు శాతమే ఉంది. నేను ఒప్పుకుంది అది కాదు కదా?

జవాబు: ముందు చేదు మాట. అప్రూవ్ నొక్కడం, డిజిటల్ సంతకం పెట్టడం రెండూ వేరు, కోర్టు ముందు బరువెక్కువ సంతకానిదే. భారతీయ సాక్ష్య అధినియమ్ 86వ సెక్షన్ ప్రకారం సురక్షిత ఎలక్ట్రానిక్ సంతకాన్ని, ఆ రికార్డుకు సమ్మతిస్తూ ఆ మనిషే పెట్టాడని కోర్టు ముందుగానే అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది మీరు. టోకెన్ మీ చేతిలో లేదు కాబట్టి అది సురక్షిత సంతకం కాదని వాదించొచ్చు, కానీ ఐటీ చట్టం 42వ సెక్షన్ టోకెన్‌లోని రహస్య తాళంచెవిని భద్రంగా పెట్టుకోవడం మీ బాధ్యతేనంటుంది. పైగా పెట్టమన్నది మీరే. ‘అకౌంటెంటు పెట్టాడు, నాకు తెలీదు’ అనే దారి వదిలేయండి.

మీ అసలు బలం ఇంకోచోట ఉంది: మీరు ఒప్పుకున్న తర్వాత చెప్పకుండా అంకె మార్చారన్నది. దానికి ఏ ఫైలు ఎప్పుడు మారిందో తేలాలి.

సంతకమైన పీడీఎఫ్‌ను అడోబ్ రీడర్‌లో తెరిచి సంతకాల ప్యానెల్ చూడండి. సంతకం పడ్డాక ఫైలు మారితే అక్కడ చెబుతుంది, సంతకం మీద రైట్ క్లిక్ చేసి `View Signed Version` నొక్కితే ఆ క్షణంలో ఫైలు ఎలా ఉందో కనిపిస్తుంది. అందులో అర శాతం ఉంటే మీ పని సగం అయినట్టే. రెండు శాతమే ఉంటే మార్పు సంతకానికి ముందే జరిగింది, నాకు అదే అనుమానం. `Signing time is from the clock on the signer's computer` అని ఉందేమో కూడా చూడండి. ఉంటే ఆ టైము మీ ఆఫీసు కంప్యూటర్ గడియారానిది, దాన్ని ఎవరైనా వెనక్కి తిప్పగలరు, కాబట్టి తేదీ గొడవ వస్తే దానొక్కదాని మీద ఆధారపడలేం.

ఇక అప్రూవల్. పోర్టల్ లాగ్‌లో ‘ఫలానా యూజర్ అప్రూవ్ చేశారు’ అని, ఫైలు పేరు, టైము మాత్రమే ఉంటే మీరు చూసింది ఏ డ్రాఫ్టో ఆ లాగ్ చెప్పలేదు. పేరు అలాగే ఉంచి లోపలి ఫైలు మార్చేయొచ్చు. మంచి సిస్టమైతే ప్రతి అప్రూవల్ పక్కన ఫైలు హాష్ రాసి ఉంచుతుంది. హాష్ అంటే ఫైలు నుంచి లెక్కగట్టిన పొడవాటి కోడు, ఒక్క అక్షరం మారినా అదీ మారిపోతుంది. మూడో డ్రాఫ్టు మీకు మెయిల్లో కూడా వచ్చి ఉంటే దానికి విండోస్‌లో హాష్ ఇలా తీయండి:

```
certutil -hashfile draft3.pdf SHA256
```

ఇది లాగ్‌లోని హాష్‌తో కలిస్తే మీరు ఒప్పుకున్నది అర శాతమేనని తేలిపోతుంది. అయితే ఫైల్ని తెరిచి మళ్లీ సేవ్ చేయకండి, మెయిల్ అసలు రూపంలోనే ఉంచండి. సంతకమైన కాపీతో పోల్చడం కూడా దండగ, సంతకం చేరగానే హాష్ ఎలాగూ మారుతుంది. లాగ్‌లో టైము తేడాగా కనిపిస్తే కంగారుపడొద్దు, చాలా సర్వర్లు గ్రీన్‌విచ్ టైము రాస్తాయి, మీరు మధ్యాహ్నం 3:10కి నొక్కింది అక్కడ 9:40 అని ఉంటుంది.

ఇదంతా కుదిరినా ఒక అడ్డు ఉంది. కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్‌లో, చెప్పకుండా దాచిన విషయాన్ని మామూలు జాగ్రత్తతో మీరే కనుక్కోగలిగి ఉంటే ఒప్పందం రద్దు అడగలేరన్న మినహాయింపు ఉంది. ‘సంతకం ముందు చదవాల్సింది’ అని వాళ్ల లాయరు పట్టుకునేది దీన్నే. అందుకే సంతకం అడిగిన మెయిల్ కీలకం. ‘మీరు అప్రూవ్ చేసిన ఫైలే, సంతకం పెట్టండి’ అన్నట్టు రాసి ఉంటే అది మౌనం కాదు, అబద్ధం చెప్పి మోసగించడం, అప్పుడు ఆ మినహాయింపు వాళ్లకి పనికిరాదు. ఊరికే ‘అటాచ్ చేశాం’ అని ఉంటే కేసు కష్టం, బేరానికి కూర్చోవడం మేలు. గొడవ నిజానికి 27 వేలకీ లక్షా 8 వేలకీ మధ్య ఉన్న 81 వేల మీదే.

ఈ వారమే ఒక మెయిల్ పెట్టండి: రెండు శాతానికి ఒప్పుకోలేదని, కోత మీద అభ్యంతరం ఉందని, అన్ని డ్రాఫ్టులు, హాష్‌లతో కూడిన పూర్తి లాగ్ చెరపకుండా ఉంచి కాపీ ఇవ్వమని. నోరెత్తకుండా ఇంకో రెండు బిల్లులు అదే కోతతో తీసుకుంటే ఒప్పుకున్నట్టే లెక్కేస్తారు. కోర్టుదాకా వెళ్తే మీ మెయిల్ ప్రింటుకి సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ జత చేయాలి, అందులో హాష్ రాయాలి, ఒక భాగం మీరు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి. అగ్రిమెంటులో ఆర్బిట్రేషన్ క్లాజు ఉందేమో ముందే చూసి ఆ పేజీ నాకు పంపండి, ఉంటే దారి కోర్టు కాదు. టోకెన్ మాత్రం ఈ సాయంత్రమే వెనక్కి తీసుకుని పిన్ మార్చేయండి.